రివ్యూ రాయమని కస్టమర్‌ను అడగడం ఎలా?

పని నచ్చిన కస్టమర్‌ను రెండు సాయాలు కోరవచ్చు. నలుగురూ చూసేచోట పని గురించి రివ్యూ రాయమని అడగడం ఒకటి, తెలిసినవాళ్లకు అలాంటి పని ఉంటే తమ పేరు చెప్పమనడం రెండోది. ఒకే మెసేజ్‌లో అడిగినా ఈ రెండింటి బరువు ఒకటి కాదు. రివ్యూ రాయడానికి కాస్త ఓపిక చాలు. మరొకరికి పేరు చెప్పాలంటే తన మాటనే పూచీగా పెట్టాలి. రేపు ఆ పని చెడితే బంధువులు ముందు నిలదీసేది చెప్పినవాళ్లనే. కాబట్టి మొదటిది సూటిగా అడగాలి, రెండోది ఒత్తిడి లేకుండా అడగాలి.

విజయవాడలో ఇళ్లమీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. ఒక రిటైర్డ్ టీచరు ఇంటికి 3 కిలోవాట్ల సిస్టమ్ పెట్టింది. ప్యానెళ్లు ఎక్కిన రోజే రివ్యూ అడగాలనిపిస్తుంది, కానీ అప్పటికి ఆయన చేతికి ఫలితం ఏమీ రాలేదు. డిస్కం వాళ్లు వచ్చి చూడాలి, నెట్ మీటర్ పెట్టాలి, పీఎం సూర్యఘర్ పథకం కింద రూ.78,000 సబ్సిడీ ఆయన బ్యాంకు ఖాతాలో పడాలి. 3 కిలోవాట్లకు ఎండ బాగా ఉన్న రోజున సుమారు 12 యూనిట్లు వస్తాయి. ఆ తేడా బిల్లులో కనిపించినప్పుడే ఆయనకు రాయడానికి ఒక విషయం దొరుకుతుంది. నెట్ మీటర్ నెల మధ్యలో పెడితే మొదటి బిల్లులో సోలార్ రోజులు కొన్నే ఉంటాయి. అప్పుడు రెండో బిల్లు దాకా ఆగడం మంచిది. ఇన్వర్టర్ ఫిర్యాదు లాంటిది ఏదైనా మిగిలి ఉంటే దాన్ని సరిచేశాకే అడగాలి.

వాట్సాప్‌లో ఆయనకు పంపదగ్గ మెసేజ్ ఇలా ఉండవచ్చు:

“మాస్టారూ, నమస్కారం. ఈ నెల కరెంటు బిల్లు బాగా తగ్గిందని ఫోన్‌లో చెప్పారు, చాలా సంతోషం. వీలున్నప్పుడు గూగుల్‌లో మా పని గురించి నాలుగు మాటలు రాయగలరా? పని ఎన్ని రోజులు పట్టింది, నెట్ మీటర్, సబ్సిడీ పనుల్లో మేం ఎలా తోడున్నాం, ఇంకా ఏం బాగుండాల్సింది, మీకు తోచింది తోచినట్టు రాయండి. లింకు ఇది: g.page/r/…/review
మీకు తెలిసినవాళ్లెవరైనా సోలార్ పెట్టించుకునే ఆలోచనలో ఉంటే మా నంబరు ఇవ్వండి. వీలుకాకపోయినా పర్వాలేదు. ప్యానెళ్లకు ఏ ఇబ్బంది వచ్చినా ఎప్పటిలాగే ఫోన్ చేయండి.”

మొదటి వాక్యం ఆయన నోటి మాటనే గుర్తుచేస్తుంది కాబట్టి, అందరికీ పంపే మెసేజ్ తనకూ వచ్చిందని ఆయనకు అనిపించదు. ‘రివ్యూ రాయండి’ అని ఊరుకుంటే చాలామంది ‘గుడ్ సర్వీస్’ అని రాసి వదిలేస్తారు. కొత్తగా సోలార్ పెట్టించుకునేవారికి ఆ మాటతో ఉపయోగం లేదు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది రోజులు, మీటరు, సబ్సిడీ సంగతే. మెసేజ్‌లో ఆ మూడింటినీ ప్రస్తావించడం అందుకే. అలాగని రివ్యూ మొత్తాన్ని రాసిచ్చి అతికించమనకూడదు. ఒకే వాక్యం పదిమంది పేర్లతో కనిపిస్తే చదివేవాళ్లు దేన్నీ నమ్మరు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నుంచి తీసిన లింకు నేరుగా నక్షత్రాలు ఇచ్చే చోటే తెరుచుకుంటుంది కాబట్టి, ఆయన సంస్థ పేరు వెతుక్కోనక్కర్లేదు. రివ్యూ మీద ఆయన గూగుల్ పేరు అందరికీ కనిపిస్తుందని ముందే చెప్పడం మర్యాద.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రివ్యూ రాస్తే ప్యానెళ్లు ఉచితంగా కడిగిపెడతామనో, డిస్కౌంట్ ఇస్తామనో ఆశ చూపడం. రివ్యూకు ప్రతిఫలం ఇవ్వడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, అలాంటి రివ్యూలను తొలగించవచ్చు. మెచ్చుకుంటారనుకున్నవాళ్లను మాత్రమే ఏరి అడగడాన్నీ ఆ నిబంధనలు ఒప్పుకోవు. పని పూర్తయిన ప్రతి కస్టమర్‌కూ లింకు పంపాలి. సంతోషంగా ఉన్నవారికి పంపేదాంట్లో తేడా ఆత్మీయతలోనే ఉండాలి. ‘ఐదు నక్షత్రాలు ఇవ్వండి’ అన్న మాట ఎవరికీ రాయకూడదు.

రెండో కోరికలో జాగ్రత్త ఇంకోటి. స్నేహితుల నంబర్లు ఇవ్వమని అడిగితే, వాళ్ల అనుమతి లేకుండా ఇచ్చే ఇబ్బంది మాస్టారి మీద పడుతుంది. తమ నంబరు వాళ్లకు ఇమ్మంటే, అవసరం ఉన్నవాళ్లే ఫోన్ చేస్తారు. పని తెచ్చిపెట్టినందుకు ఆయనకు డబ్బిచ్చే పద్ధతి ఉంటే, ఆ సంగతి కొత్త కస్టమర్‌కు తెలియాలి. దాచితే, తర్వాత బయటపడి ఇద్దరి స్నేహం చెడుతుంది.

మెసేజ్‌కు బదులు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాయకపోతే అక్కడితో ఆపేయాలి. రాస్తే, మెచ్చుకోలు అయినా లోపం చెప్పినా, ఆ రివ్యూ కిందనే పేరుపేరునా జవాబివ్వాలి. కొత్తగా వచ్చేవాళ్లు దాన్నీ చదువుతారు.