సగటు బాగుంది.. మరి గేమ్ ఎందుకు ఆగుతోంది?

మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ చేరారనుకోండి. సగటు వేగం ఎంతో చెప్పొచ్చు. కానీ దారిలో ఎక్కడ, ఎంతసేపు ఆగిపోయారో ఆ అంకె చెప్పదు. గ్రాఫిక్స్ కార్డుల రివ్యూల్లో కనిపించే సగటు ఎఫ్‌పీఎస్ కూడా అంతే.

ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెరపైకి వచ్చే ఫ్రేముల సంఖ్య. చిన్న లెక్క చూద్దాం. ఒక కార్డు 1000 ఫ్రేములు గీసింది. అందులో 990 ఫ్రేములకు తలా 10 మిల్లీసెకన్లు, మిగతా పదింటికి తలా 50 పట్టింది. మొత్తం 10.4 సెకన్లు. సగటు 96 ఎఫ్‌పీఎస్. చూడ్డానికి బ్రహ్మాండం! కానీ ఆ పది ఫ్రేముల దగ్గర వేగం 20కి పడిపోయింది. మీ కంటికి తగిలే కుదుపు అదే. రివ్యూల్లో ‘వన్ పర్సెంట్ లో’ అనేది దీన్నే.

రెండో కార్డుకు 990 ఫ్రేములకు 12 చొప్పున, పదింటికి 16 చొప్పున పట్టింది. సగటు 83 మాత్రమే. కానీ ‘లో’ 62. ఆడుకోవడానికి ఇదే హాయి.

అయితే ఒక జాగ్రత్త. కొందరు అతి నెమ్మది ఒక శాతం ఫ్రేములకు సగటు కడతారు. ఇంకొందరు ఆ ఒక శాతం మొదలయ్యే హద్దు దగ్గరి అంకె ఇస్తారు. అందుకే ఒక రివ్యూలోని ‘లో’ను ఇంకో రివ్యూతో పోల్చకండి. ఒకే చార్టులో అన్ని కార్డులకూ ‘లో’ దాదాపు ఒకేలా ఉంటే, తప్పు కార్డుది కాకపోవచ్చు. ప్రాసెసర్‌నో, గేమ్‌నో అనుమానించాలి.