నాయనమ్మ అడకత్తెర ఫ్లైట్ ఎక్కిందిలా!

సెక్యూరిటీ చెక్‌లో మన ట్రే మామూలు దారిలో రాకుండా పక్క లైన్లోకి మళ్లిందంటే గుండె ఒక్కసారి జారుతుంది. ఆ రోజు నాదే మళ్లింది. టైమ్ సాయంత్రం 5:40. బెంగళూరు ఫ్లైట్ 7:10కి.

"బ్యాగ్‌లో కత్తెర ఉందా సార్?" అడిగాడు డ్యూటీలో ఉన్న జవాను.

"లేదండీ" అన్నాను కాన్ఫిడెంట్‌గా. వాటర్ బాటిల్ ఖాళీ చేశా, షాంపూ అసలు తేలేదు. ఇంక నన్నెవరు ఆపుతారనే ధీమా.

ఆయన స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఎక్స్‌రే స్కానర్లో బట్టలు, తిండి, కాగితం లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము లాంటి గట్టి లోహాలు నీలంగా కనిపిస్తాయి. నా బట్టల నారింజ మధ్యలో, ముదురు నీలంగా, రెండు కాళ్లు చాపి పడుకున్న బొమ్మ ఒకటి ఉంది. అప్పుడు వెలిగింది. అది నాయనమ్మ అడకత్తెర!

బెంగళూరులో కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నానని తెలిసి నాయనమ్మ ఇచ్చింది. ఆవిడ పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన సారెలోది. ఇత్తడి పిడులు, వక్క పడే చోట ఉక్కు అంచు. "నాకిక పళ్లెక్కడివిరా, నువ్వుంచుకో. ఇంట్లో తాంబూలం పళ్లెం ఉంటే కళగా ఉంటుంది" అని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. నేను దాన్ని వస్తువుగా చూశాను కానీ ఆయుధంగా చూడలేదు. స్కానర్ ముందు కూర్చున్నవాళ్లకి మన సెంటిమెంట్ కనపడదుగా. అంచు, పిడి, లోహం, అంతే.

"ఇది క్యాబిన్లోకి వెళ్లదు సార్. ఇక్కడే వదిలేస్తారా? లేకపోతే వెనక్కెళ్లి చెక్-ఇన్‌లో వేసుకుంటారా?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చంగా అదీ నా పరిస్థితి.

రెండు ప్రశ్నలు

ఆ రోజు తర్వాత ఈ నిషేధాల జాబితాలు కూర్చుని చదివాను. పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. దాదాపు అన్నిటి వెనకా ఉన్నవి రెండే ప్రశ్నలు.

మొదటిది: చేతిలో ఉంటే దీనితో ఎవరినైనా గాయపరచొచ్చా? 'అవును' అయితే క్యాబిన్లోకి రాకూడదు. చాకు, బ్లేడు, స్క్రూడ్రైవర్, సుత్తి, రెంచి, క్రికెట్ బ్యాట్, హాకీ స్టిక్ అన్నీ ఇందులోకే వస్తాయి. ఇవి చెక్-ఇన్ బ్యాగ్‌లో మాత్రం హాయిగా వెళ్తాయి. కింద సామాన్ల గదిలో ఉన్న బ్యాట్‌ని గాల్లో ఎవరూ అందుకోలేరు కదా.

రెండోది: ఇది దానంతటదే అంటుకుంటే ఎవరైనా చూసేవాళ్లుంటారా? సామాన్ల గదిలో మనుషులుండరు. అందుకే పవర్ బ్యాంక్, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయనివ్వరు. క్యాబిన్లో పొగొస్తే సిబ్బంది వెంటనే ఆర్పగలరు.

ఈ రెండింట్లోనూ ఫెయిలయ్యేవి లైటర్, అగ్గిపెట్టె. మన దేశంలో ఇవి హ్యాండ్ బ్యాగ్‌లో వద్దు, చెక్-ఇన్‌లో వద్దు, జేబులో కూడా వద్దు. అంటే అడకత్తెరకి వెనక్కెళ్లే దారి ఉంది. అగ్గిపెట్టెకి లేదు.

ఇది నాకెందుకు గుర్తుండిపోయిందంటే, జవాను బ్యాగ్ పూర్తిగా విప్పినప్పుడు చీర ముక్క మడతలో అగ్గిపెట్టె కూడా దొరికింది. కొత్తింట్లో మొదటి రోజు దీపం పెట్టుకోమని నాయనమ్మ వత్తులతో పాటు పెట్టిందట. ఆయన ఏమీ అనకుండా దాన్ని డబ్బాలో పడేశాడు. వత్తులు మాత్రం తిరిగిచ్చాడు.

ముప్పై నిమిషాలు

దేశంలో తిరిగే ఫ్లైట్లకి చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందు మూసేస్తారు. నా ఫ్లైట్‌కి అది 6:10. చేతిలో ఉన్నది సరిగ్గా ముప్పై నిమిషాలు. సెక్యూరిటీ దగ్గరున్న ఎయిర్‌లైన్ స్టాఫ్‌కి సంగతి చెప్పాను. ఆయన జవానుతో మాట్లాడి నన్ను వెనక్కి తీసుకొచ్చాడు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి అడకత్తెరని తిప్పి తిప్పి చూసింది. "మా అమ్మమ్మ దగ్గరా ఉండేదండీ ఇలాంటిది. కానీ దీన్నొక్కదాన్నే బెల్ట్ మీద వేయలేను. ఏదైనా బ్యాగ్‌లో పెట్టివ్వండి" అంది.

నా దగ్గరున్నది ఒక్కటే బ్యాక్‌ప్యాక్. వెబ్ చెక్-ఇన్ చేసుకుని, లగేజీ లేదని నేరుగా సెక్యూరిటీకి వెళ్లిపోయినవాణ్ని. టికెట్‌లోనే 15 కిలోల చెక్-ఇన్ ఉంది. నేనే వాడుకోలేదు.

"అయితే బ్యాక్‌ప్యాక్‌నే పంపించేయండి" అన్నాను.

"పవర్ బ్యాంక్ ఉందా లోపల?"

ఉంది! చూశారా, రెండో ప్రశ్న వచ్చేసింది. అడకత్తెర కిందకి వెళ్లాలి, పవర్ బ్యాంక్ పైకి రావాలి. కౌంటర్ పక్కన నేల మీద కూర్చుని పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్, చార్జర్ తీసి, అప్పడాలు పెట్టిచ్చిన గుడ్డ సంచిలోకి మార్చాను. అప్పడాలు బ్యాక్‌ప్యాక్‌లోకి వెళ్లాయి. అడకత్తెర అంచు ఎవరి చేతికీ గుచ్చుకోకుండా చీర ముక్కలోనే గట్టిగా చుట్టి, బట్టల మధ్యలో పెట్టాను. ట్యాగ్ పడేసరికి 6:02. ఇంకో ఎనిమిది నిమిషాలు ఆలస్యమైతే ఆ డబ్బాలో అగ్గిపెట్టె పక్కన అడకత్తెర కూడా ఉండేది.

గుడ్డ సంచితో మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడ్డాను. ఈసారి ట్రే నేరుగా వచ్చింది.

ఒక డ్రిల్, రెండు బ్యాగులు

ఈ కథ మా బాబాయికి చెప్తే నవ్వాడు. ఆయన ఏసీలు బిగించే పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు. "నీది ఒక్క వస్తువే కదా, నా డ్రిల్ చూడు" అన్నాడు.

బ్యాటరీతో నడిచే డ్రిల్ మెషీన్, బిట్లు, స్క్రూడ్రైవర్లు, స్పానర్లు ఆయన చెక్-ఇన్‌లో వేస్తాడు. డ్రిల్‌కి వాడే విడి బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగ్‌లో పెట్టుకుంటాడు. ఒకే పనిముట్టు, సగం కింద, సగం పైన! విడి బ్యాటరీకి ఉండే లోహపు కొసలు వేరే లోహానికి తగిలి షార్ట్ అవకుండా ఒక్కోదాన్ని టేపు వేసి విడి కవర్లో పెడతాడు.

బ్యాటరీ సైజుకీ లెక్కుంది. వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. బాబాయి బ్యాటరీ 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు. అంటే 90. వంద దాకా మామూలుగా వెళ్తుంది. 100 నుంచి 160 మధ్య ఉంటే ముందే ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి.

బ్యాట్ కథ వేరు. క్రికెట్ నిబంధనల ప్రకారం బ్యాట్ పొడవు 38 అంగుళాల దాకా ఉండొచ్చు. మామూలు పెద్ద సూట్‌కేస్ ఎత్తు 28 అంగుళాల చుట్టూ ఉంటుంది. సూట్‌కేస్‌లో పట్టలేదని బ్యాట్ భుజాన వేసుకుని సెక్యూరిటీ దాకా వెళ్లిపోయే కుర్రాళ్లున్నారు. అక్కడ ఆపేస్తారు. దానికి కిట్ బ్యాగ్ ఉండాలి, అది కౌంటర్లోనే ఇచ్చేయాలి.

అక్కడ ఓకే, ఇక్కడ కాదు

అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. రూల్ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కీలు దగ్గర్నుంచి 4 అంగుళాల లోపు ఉన్న కత్తెర, మొత్తం పొడవు 7 అంగుళాలు మించని స్క్రూడ్రైవర్ క్యాబిన్లోకి వెళ్తాయి. చాకు మాత్రం ఎంత చిన్నదైనా వెళ్లదు. యూరప్‌లో లెక్క 6 సెంటీమీటర్లు. చాకు అంచయినా, కత్తెర అంచయినా దానికి మించకూడదు.

లైటర్ విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 2001 డిసెంబరులో పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో రిచర్డ్ రీడ్ అనేవాడు బూటులో దాచిన బాంబుని అగ్గిపుల్లతో అంటించబోయాడు. తోటి ప్రయాణికులు, సిబ్బంది పట్టుకున్నారు. 2005లో అమెరికా క్యాబిన్లో లైటర్లని నిషేధించింది. 2007లో మామూలు లైటర్లకి ఆ నిషేధం ఎత్తేసింది. లైటర్లు ఏరే టైమ్‌ని బాంబులు వెతకడానికి వాడదామన్నది వాళ్ల లెక్క. మన దగ్గర నిషేధం అలాగే ఉంది. కాబట్టి అక్కణ్నుంచి వచ్చేటప్పుడు జేబులో వచ్చిన లైటర్ ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడు రాదు. హైదరాబాద్‌లో దిగి వైజాగ్ ఫ్లైట్ మారినా మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది. అక్కడ మన రూలే.

మన రూల్లో కూడా మినహాయింపులు వస్తుంటాయి. పీచుతో ఉన్న కొబ్బరికాయని మామూలుగా క్యాబిన్లోకి రానివ్వరు. 2024 అక్టోబరులో శబరిమల వెళ్లే అయ్యప్ప భక్తులు ఇరుముడిలో కొబ్బరికాయ తీసుకెళ్లొచ్చని కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. అదీ 2025 జనవరి 20 వరకే, అదీ స్కానింగ్, పేలుడు పదార్థాల పరీక్ష, చేత్తో తనిఖీ అయ్యాకే. పోయినేడు మన స్వామి తీసుకెళ్లాడు కదా అని చూసుకోకుండా వెళ్లొద్దు. బయల్దేరే ముందు ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో ఓసారి చూసుకోండి. జాబితాలో ఏమున్నా, సెక్యూరిటీ దగ్గరున్న అధికారి మాటే ఫైనల్.

నేను ఇప్పుడు చేసేది

బ్యాగ్ సర్దే ముందు దాన్ని పూర్తిగా బోర్లిస్తాను. పాత ట్రిప్పుల్లో మర్చిపోయిన నెయిల్ కట్టర్ చాకు, కీచెయిన్‌కి తగిలించిన చిన్న స్క్రూడ్రైవర్, ఫ్రెండ్ లైటర్ అన్నీ అడుగు జేబుల్లోనే దొరుకుతాయి. ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడైతే ఇంట్లోవాళ్లు ఏం పెట్టారో అడిగి మరీ విప్పి చూస్తాను. అంచున్న వస్తువు ఒక్కటున్నా సెక్యూరిటీకి కాదు, ముందు కౌంటర్‌కి వెళ్తాను.

ఆ రాత్రి బెంగళూరులో బెల్ట్ మీద బ్యాక్‌ప్యాక్ వచ్చేదాకా ఊపిరాడలేదు. చీర ముక్క విప్పి చూసి, నాయనమ్మకి ఫోన్ చేశాను.

"అడకత్తెర చేరింది నాయనమ్మా."

"అదెక్కడికి పోతుందిరా! దీపం పెట్టావా?"

"పెట్టలేదే. అగ్గిపెట్టె ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు."

కాసేపు ఆలోచించింది. "పోన్లే, అగ్గిపెట్టెదేముంది. కింద కొట్లో కొనుక్కో" అంది.