డ్రాయింగ్‌లో టేపర్ ఇచ్చారు, చిన్న చివర సైజు ఇవ్వలేదు: ఎలా కట్టాలి?

ఎపిసోడ్‌లో టేపర్ లెక్క నోటితో చెప్పాను. అంకెలు వింటే నిలవవు, కళ్ళతో చూడాలి. అందుకే అదే లెక్క ఇక్కడ రాసి పెడుతున్నాను. నేనుండేది సిడ్నీలో పెండిల్ హిల్. మీరు దుబాయ్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా లెక్క మాత్రం ఒకటే.

ఉదాహరణకి డ్రిఫ్ట్ పిన్ తీసుకుందాం. క్రేన్ బీమ్‌ని లేపి పట్టుకున్నాక బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా రావడానికి దూర్చి సుత్తితో కొట్టే పిన్ అది. ఎం20 బోల్టుకి రంధ్రం 22 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పిన్ లావు భాగం 21 పెడదాం. డ్రాయింగ్ మీద మూడే అంకెలున్నాయి: పెద్ద వ్యాసం 21, టేపర్ పొడవు 80, టేపర్ 1:8. చిన్న చివర ఎంతో రాయలేదు.

1:8 అంటే పొడవు 8 మిల్లీమీటర్లు సాగేసరికి వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుందని అర్థం. ఇక్కడే చాలామంది తడబడతారు. తగ్గేది వ్యాసం, ఒక పక్క కాదు. ఒక్కో పక్క తగ్గేది అందులో సగమే.

```
D = 21, L = 80, taper 1:8
D - d = 80 / 8 = 10
d = 21 - 10 = 11
```

చిన్న చివర 11 మిల్లీమీటర్లు. అదే 1:8ని ఒక్కో పక్కకి అనుకుంటే రెండు పక్కలా కలిపి 20 పోయి, కొన దగ్గర మిగిలేది 1 మిల్లీమీటరే, సూది మొన. అలాంటి పిన్ మీద సుత్తి దెబ్బ పడితే కొన వంగుతుంది, లేదా విరిగి ఎగురుతుంది. పైన పట్టుకుని ఉన్నది మన రిగ్గర్ తమ్ముడే.

ఇప్పుడు ఇదే పిన్‌కి ఇంకో డ్రాయింగ్‌లో రేషియో లేదు, ఇన్‌క్లూడెడ్ యాంగిల్ 7°9′ అని ఉంది. ముందుగా ఆ 9 నిమిషాల సంగతి చూడాలి. 7°9′ అంటే 7.09 కాదు. నిమిషాలని 60తో భాగించాలి: 9ని 60తో భాగిస్తే 0.15, అంటే 7.15 డిగ్రీలు.

ఇన్‌క్లూడెడ్ యాంగిల్ అంటే రెండు పక్కల గీతల మధ్య మొత్తం కోణం. మధ్య గీత నుంచి ఒక పక్కకి ఉండేది అందులో సగం, 3.575 డిగ్రీలు. టాన్ కట్టాల్సింది ఆ సగానికే.

```
d = D - 2 * L * tan(A/2)
tan(3.575°) = 0.0625
d = 21 - 2 * 80 * 0.0625 = 11
```

మళ్ళీ 11 వచ్చింది. సగం చేయకుండా 7.15కే టాన్ కడితే దాదాపు 20 తగ్గి, అదే సూది మొన వస్తుంది. రేషియోలో జరిగే తప్పు, యాంగిల్‌లో జరిగే తప్పు నిజానికి ఒకటే: ఒక పక్క లెక్కని, మొత్తం లెక్కని కలిపేయడం. ఐటీఐ పుస్తకాల్లో కొన్ని ఆల్ఫా అక్షరాన్ని మొత్తం కోణానికి వాడతాయి, కొన్ని సగానికి. ఫార్ములా కంఠస్థం ఉంటే చాలదు, పక్కనున్న బొమ్మలో ఆ అక్షరం ఎక్కడ రాశారో చూడాలి.

ఫోన్‌లో కాలిక్యులేటర్ వాడేవాళ్ళు డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్స్‌లో ఉంటే ఈ లెక్కకి చిన్న చివర మైనస్ 53 అని వస్తుంది. ఇది నయం, తప్పని వెంటనే తెలిసిపోతుంది.

పొడవు 80ని పిన్ మధ్య గీత వెంబడి కొలవాలి, ఏటవాలు పక్క వెంబడి కాదు. మన పిన్‌లో ఆ రెంటికీ తేడా 0.2 మిల్లీమీటర్ల లోపే, పెద్దగా పట్టదు. కోణం 60 డిగ్రీలైతే మాత్రం 80 పొడవుకి ఏటవాలు పక్క 92 దాటుతుంది, అప్పుడు లెక్కంతా తప్పుతుంది.

లేత్ మీద కాంపౌండ్ స్లైడ్ తిప్పేవాళ్ళు కూడా 7°9′ పెట్టకూడదు, సగం పెట్టాలి, అంటే మూడున్నర డిగ్రీలకి కాస్త పైన.

పిన్ చేతికొచ్చాక కొన దగ్గర కొలిస్తే సరిపోదు. అంచు కొంచెం గుండ్రంగా కొట్టి ఉంటారు, వెర్నియర్ తక్కువ చూపిస్తుంది. టేపర్ మీద పొడవు వెంబడి 40 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెట్టి రెండు చోట్లా వ్యాసం కొలవండి. 1:8కి తేడా 5 రావాలి. 10 వస్తే, ఎవరో ఒక పక్క లెక్కే కట్టారన్నమాట. ఆ పిన్‌ని పైకి పంపకండి.