బాగుచేశావా, చేయించావా?

"ఫోన్ బాగుచేశా" అని మెసేజ్ పెట్టి చూడండి, పగిలిన తన ఫోన్ కూడా మీ చేతిలో పెట్టే స్నేహితుడు ఒకడు తయారవుతాడు. షాపులో ఇచ్చి ఉంటే "చేయించా" అనాలి. కుట్టాను, కుట్టించాను, రాశాను, రాయించాను: తెలుగులో 'ఇంచు' చేరగానే పని ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఇల్లు కట్టే విషయంలో మాత్రం మనకు పట్టింపు లేదు. ఒక్క ఇటుక పెట్టనివాడూ "ఇల్లు కట్టాను" అంటాడు, తాపీ పట్టాడని ఎవరూ అనుకోరు.

ఇంగ్లీషులో ఇలా క్రియకు ఏదీ అతకదు, మాటల వరుసే అర్థం చెబుతుంది. 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అంటే స్క్రూలు విప్పింది మీరే. చేయిస్తే 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్'. వస్తువు పేరు మధ్యలో రావాలి. కబుర్లలో 'గాట్' ఎక్కువ, కాస్త మర్యాదగా రాసేచోట 'హ్యాడ్'. ఈ 'హ్యాడ్'తోనే చిక్కు: వరుస తప్పి 'ఐ హ్యాడ్ రిపేర్డ్ మై ఫోన్' అని రాస్తే, అంతకుముందే మీరే బాగుచేసుకున్నారని అర్థం.

రెండు భాషలూ కలిపి "ఫోన్ రిపేరైంది" అన్నారో, చాలామందికి అది పాడైందనే వినిపిస్తుంది!