రెండు పాచికల మొత్తం: సగటు దాచిన తప్పు

ఎర్ర పాచిక అంకెలను అడ్డంగా, తెల్లదాని అంకెలను నిలువుగా రాసి, ప్రతి గడిలో రెండింటి మొత్తం వేస్తే 36 గళ్ల పట్టిక వస్తుంది. పాచికలు సరైనవైతే అన్ని గళ్లకూ అవకాశం సమానమే. కానీ 2 ఒక్క గడిలోనే ఉంటుంది, 3 రెండింట్లో, అలా పెరిగి 7 ఆరు గళ్లలో కనిపిస్తుంది. అక్కడి నుంచి మళ్లీ తగ్గుతూ 12 దగ్గర ఒకే గడి మిగులుతుంది. గళ్లన్నీ కూడితే 252. దాన్ని 36తో భాగిస్తే సగటు 7.

మొత్తాలు ఈ 7 చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది విస్తృతి. ప్రతి గడి 7కు ఎంత దూరమో చూసి, ఆ దూరాన్ని వర్గం చేయాలి. 2 దూరం 5, వర్గం 25. 3 ఉన్న రెండు గళ్లకు 16 చొప్పున 32. అలాగే 4కు 27, 5కు 16, 6కు 5. ఇవన్నీ కలిపి 105. 7కు అవతలి వైపూ అంతే కాబట్టి 210. 36తో భాగిస్తే సుమారు 5.83.

చాలామంది గళ్లను వదిలేసి, 2 నుంచి 12 వరకు పదకొండు మొత్తాలకూ సమాన అవకాశం ఇచ్చేస్తారు. అప్పుడూ సగటు 7 వస్తుంది, అందుకే తప్పు కనిపించదు. విస్తృతి మాత్రం 10కి పెరుగుతుంది. సరిచూసుకోవడం తేలికే: ఒక్క పాచిక విస్తృతి 35/12. రెండు పాచికలు ఒకదాన్నొకటి ప్రభావితం చేయవు కనుక రెండింతలు, అంటే 35/6 రావాలి. అది 5.83కు సమానం.