సాఫ్ట్‌వేర్‌కు మాన్యువల్ రాసే ఫ్రీలాన్సర్

ఒక కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను వేరే కంపెనీ ప్రోగ్రామర్లు తమ యాప్‌లో కలుపుకోవాలంటే ఎవరో ఒకరు రాసిపెట్టాలి: ఏం పంపాలి, ఏ జవాబు వస్తుంది, తప్పు జరిగితే ఏం కనిపిస్తుంది. ఈ రాతపనే టెక్నికల్ రైటింగ్. పెద్ద కంపెనీలు దీనికి ఉద్యోగులను పెట్టుకుంటాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మాత్రమే అవసరం పడే చిన్న కంపెనీలు ఫ్రీలాన్సర్‌ను పిలుస్తాయి. ఈ పనుల్లో ఓపికను బాగా పరీక్షించేది ఏపీఐ డాక్యుమెంటేషన్. ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను సమాచారం అడగడానికి పెట్టిన ద్వారమే ఏపీఐ.

పని ఇచ్చేముందు కంపెనీ అడిగేది శాంపిల్. పాత క్లయింట్‌కు రాసిన పత్రాలు చూపించడానికి చాలాసార్లు గోప్యతా ఒప్పందం అడ్డొస్తుంది. కొత్తవారి దగ్గర చూపడానికి అసలేమీ ఉండదు. ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటే, అందరికీ తెరిచి ఉన్న ఏపీఐని తీసుకుని దానికి సొంతంగా పత్రం రాయడం. వాతావరణ వివరాలిచ్చే ఓపెన్-మీటియో ఇందుకు అనువైనది. వ్యాపారేతర వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా తెరవక్కర్లేదు. కింది లైనును బ్రౌజర్‌లో పెడితే చాలు, హైదరాబాద్ ఉష్ణోగ్రత వస్తుంది.

```
https://api.open-meteo.com/v1/forecast?latitude=17.38&longitude=78.48¤t=temperature_2m
```

ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. రైటర్ పనితనం తెలిసేది ఆ తర్వాతే. మధ్యాహ్నం 12 గంటలకు ఈ లైను పంపితే జవాబులో సమయం ఉదయం 6:30 అని ఉంటుంది. ఏపీఐ చెడిపోలేదు, విడిగా చెప్పకపోతే అది గ్రీనిచ్ సమయమే ఇస్తుంది. చివర `&timezone=Asia/Kolkata` చేరిస్తే మన గడియారంతో సరిపోతుంది. ఈ సంగతి మొదటి ఉదాహరణ పక్కనే రాసిన శాంపిల్ చూస్తే, ఈ మనిషి నిజంగా వాడి చూసి రాశాడని ఇంజనీరింగ్ మేనేజర్‌కు అర్థమవుతుంది. అలాగే `latitude` తీసేసి పంపి చూడాలి. వచ్చే ఎర్రర్ సందేశాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో చెప్పాలి. పాఠకుడు పత్రం తెరిచేది ఎక్కువగా ఏదో పనిచేయనప్పుడే కదా.

శాంపిల్ పెద్దదిగా ఉండనక్కర్లేదు. మొదటిసారి వాడేవారికి ఒక పేజీ, ఏ పేరుతో ఏం పంపాలో చెప్పే పట్టిక ఒకటి, ఎర్రర్లకు ఇంకో పేజీ ఉంటే సరిపోతుంది. అది పూర్తయ్యాక, ఆ ఏపీఐ పేరే వినని ప్రోగ్రామర్ స్నేహితుడికి ఇచ్చి పక్కన మాట్లాడకుండా కూర్చోవాలి. అతను ఎక్కడ ఆగి వెనక్కి చదివితే అక్కడ వాక్యం మార్చాలి. శాంపిల్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, అందులోని ఆదేశాలను ఎప్పుడు పరీక్షించారో తేదీ వేయడం మంచి అలవాటు. చూసేవారు ముందుగా చేసే పని అందులోని లైనును కాపీ చేసి నడపడమే. అది నడవకపోతే కింద ఎంత చక్కగా రాసినా చదవరు.

ఇక రేటు. పదానికి ఇంత అని ఒప్పుకుంటే ఈ పనిలో నష్టమే. నాలుగు పేరాలను ఒక పట్టికగా కుదిస్తే పత్రం బాగుపడుతుంది, రాసినవారి బిల్లు తగ్గుతుంది. పైగా టైమంతా తినేది తెలుసుకోవడం, నడిపి చూడటం. అందుకని గంటల లెక్క మేలు. ఉదాహరణకు ఇంటిఖర్చు, పన్ను, ఇన్సూరెన్స్, కంప్యూటర్ అన్నీ కలిపి నెలకు 72,000 రూపాయలు కావాలనుకుందాం. నెలలో 160 గంటలు కూర్చున్నా, పని వెతకడం, కొటేషన్లు, బిల్లుల వసూలు పోను క్లయింట్‌కు లెక్క రాయగలిగేవి 80 అనుకుంటే గంట రేటు 900 అవుతుంది. ఇది దిగితే నష్టమొచ్చే మెట్టు మాత్రమే. పై రేటు అనుభవాన్ని, విషయం ఎంత కష్టమో దాన్ని బట్టి ఉంటుంది.

క్లయింట్లు చాలామంది మొత్తం ఎంతో ముందే చెప్పమంటారు. చిన్న పేమెంట్ కంపెనీ ఒకటి తన రీఫండ్ ఏపీఐకి పత్రం అడిగిందనుకుందాం. చదువుకోడానికి 6 గంటలు, ఇంజనీర్లతో మాటలకు 4, నడిపి చూడటానికి 8, రాయడానికి 16, దిద్దుబాట్లకు 10, మొత్తం 44. ఇంజనీర్లు ఆలస్యం చేయడం, మధ్యలో సాఫ్ట్‌వేర్ మారడం మామూలే కాబట్టి ఐదో వంతు కలిపితే సుమారు 53. గంటకు 900 చొప్పున 47,700. కొటేషన్‌లో ఈ అంకె పక్కనే హద్దులు కూడా రాయాలి: ఏయే పేజీలు, ఎన్ని విడతల దిద్దుబాట్లు, అంతకు మించితే గంటకు ఎంత. మూడో వంతు ముందే తీసుకోవడం మంచిది. ‘దిద్దుబాట్లు అయ్యేదాకా’ అనే మాటకు ఒప్పుకుంటే ఆ పనికి అంతుండదు.

ఇంజనీర్‌ను కలిసేముందు ఉన్న కాగితాలన్నీ చదివి, టెస్ట్ ఖాతాలో ఒకసారి నడిపి చూడాలి. పత్రంలో దొరికే సంగతిని ఆయన్ని అడిగితే రెండోసారి టైమివ్వరు. ప్రశ్నలు ముందురోజే పంపి, అరగంట అడిగి, స్క్రీన్ షేర్ చేసి చూపించమనాలి. రికార్డు చేయాలంటే అనుమతి తీసుకోవాలి. ‘ఇదెలా పనిచేస్తుందండీ’ అని మొదలుపెడితే ఇంజనీర్ తాను కట్టిన భవనమంతా తిప్పి చూపిస్తారు. పాఠకుడికి కావలసింది తన గదికి దారి. అందుకే ప్రశ్న ఒక సంఘటన చుట్టూ ఉండాలి. పై రీఫండ్ పనిలో సంభాషణ ఇలా నడవచ్చు.

“రీఫండ్ పూర్తవగానే వ్యాపారి సర్వర్‌కు మెసేజ్ వెళ్తుందన్నారు కదండీ. ఆ సర్వర్ అప్పుడు ఆగిపోయి ఉంటే?”

“మళ్లీ పంపుతాం.”

“ఎన్నిసార్లండీ? ఎంతసేపటికోసారి?”

“ఐదుసార్లు. గ్యాప్ పెరుగుతూ పోతుంది.”

“మెసేజ్ అందింది గానీ వాళ్ల జవాబు మీకు చేరలేదనుకోండి. అప్పుడు?”

“అప్పుడు కూడా పంపుతాం. అదే మెసేజ్ వాళ్లకు రెండుసార్లు వెళ్తుంది. మెసేజ్ ఐడీ చూసుకుని రెండోది వదిలేయాలి. అది అందరికీ తెలిసిందే కదా.”

అందరికీ తెలియదు. ఆ ఒక్క వాక్యం పత్రంలో లేకపోతే ఏదో ఒక దుకాణం ఖాతాలో ఒకే రీఫండ్ రెండుసార్లు నమోదవుతుంది. ‘తెలిసిందే కదా’ అన్నచోట ఆగి ఇంకో ప్రశ్న వేయడం అలవాటు చేసుకోవాలి. చివర్లో విన్నదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి, తప్పుంటే ఇంజనీరే అడ్డుపడతారు.

డ్రాఫ్ట్ పంపి ‘ఎలా ఉందో చెప్పండి’ అంటే ‘బాగుంది’ అనే జవాబొస్తుంది, దాంతో ఉపయోగం లేదు. సందేహమున్న వాక్యాలకు రంగు వేసి, ‘ఐదుసార్లు అని రాశాను, సరేనా?’ అని ఒక్కోదాని పక్కన అడిగితే నిజమైన దిద్దుబాట్లు వస్తాయి. అంతా అయ్యాక రైటర్ మళ్లీ నడిపి చూస్తాడు. టెస్ట్ సర్వర్‌ను ఆపి లెక్కపెడితే మెసేజ్ మూడుసార్లే వచ్చిందనుకుందాం. ఇంజనీర్ గుర్తు తప్పయినా కావచ్చు, సాఫ్ట్‌వేర్‌లో లోపమైనా కావచ్చు. ఏది ఏమిటో తేల్చాల్సింది ఇంజనీరే కాబట్టి, పరీక్షించిన సమయం, పంపిన ఆదేశం, వచ్చిన జవాబు జతచేసి ఆయనకు పంపాలి. జవాబు వచ్చేదాకా ఆ అంకె పత్రంలోకి ఎక్కదు.