కొత్త టీచరు మొదటి ఉత్తరం

జూన్ 12న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాధారణంగా బడులు తెరుస్తారు. బదిలీలు జరిగిన ఏడాదైతే ఆ రోజు చాలా తరగతుల్లో కుర్చీలో కొత్త ముఖమే కనిపిస్తుంది. 2024 జూన్‌లో తెలంగాణలో, 2025 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో అలాగే పెద్ద ఎత్తున బదిలీలు జరిగాయి. సాయంత్రం పిల్లలు ఇంటికి మోసుకొచ్చే సమాచారం ఒక్కటే: "మాకు కొత్త సారు వచ్చినాడు." ఆ సారు పేరేమిటో, ఎప్పుడు ఫోన్ చేస్తే దొరుకుతాడో, పిల్లకు జ్వరం వస్తే ఎవరికి చెప్పాలో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తల్లిదండ్రుల సమావేశం దాకా ఆగవచ్చు కదా అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జులై 10న జరిగింది. అంటే బడి తెరిచాక నాలుగు వారాలు. పిల్లలు కొత్త తరగతికి అలవాటు పడేదీ, మానేసే అలవాటు మొదలయ్యేదీ ఆ నాలుగు వారాల్లోనే. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో తరచూ సమావేశమై, పిల్లల హాజరు గురించీ చదువు గురించీ చెప్పడం ఉపాధ్యాయుల విధి. ఉత్తరం రాయమని చట్టం ఎక్కడా అనలేదు. కానీ మొదటి వారంలోనే ఆ విధిని మొదలుపెట్టడానికి ఒక్క పేజీ కాగితం చాలు. ఆ కాగితంలో ఏం ఉండాలి, ఏది ఉంటే పని జరుగుతుంది అన్నదే ఇక్కడి విషయం.

కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని, కోసిగి చుట్టుపక్కల ఉండే ఒక పల్లె ప్రాథమిక పాఠశాలను ఊహించుకుందాం. మూడో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. తరగతిలో ముప్పై మంది. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది తెల్లవారుజామునే కూలికి పోయేవాళ్లు. ఆమె ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అమ్మకు, నాయనకు, అవ్వకు, తాతకు నమస్కారం. ఈ ఏడాది మీ బిడ్డకు మూడో తరగతి చెప్పేది నేనే. బడి గంట తొమ్మిదికి కొడతారు. తొమ్మిదిన్నరకు హాజరు వేస్తాను. బిడ్డ రాలేని రోజు ఆలోపు నాకు ఫోన్ చేయండి, లేదా పక్కింటి పిల్లతో చెప్పి పంపండి. ఏ కబురూ రాకపోతే పది గంటలకు నేనే మీకు ఫోన్ చేస్తాను. మధ్యాహ్నం అన్నం బడిలోనే. మీ బిడ్డకు పడని తిండి ఏదైనా ఉంటే కింద రాయండి. ఇంటి పని రోజుకు ఇరవై నిమిషాలకు మించి ఇవ్వను. నాతో మాట్లాడాలంటే సాయంత్రం నాలుగు నుంచి ఐదు లోపు ఫోన్ చేయండి, లేదా బడికి రండి. పాఠం చెప్పేటప్పుడు ఫోన్ ఎత్తను. అప్పుడు అత్యవసరమైతే హెడ్‌మాస్టరు గారి నంబరుకు చేయండి. రెండు నంబర్లూ కింద ఉన్నాయి."

ఇందులో అన్నిటికన్నా బరువైన వాక్యం పది గంటల ఫోన్‌ది. "గైర్హాజరైతే తెలియజేయగలరు" అని రాయడం తేలిక. అలా రాస్తే బాధ్యత అంతా ఇంటిదే అవుతుంది, చెప్పకపోయినా ఏమీ జరగదు. "కబురు రాకపోతే నేనే చేస్తాను" అన్నప్పుడు రెండు వైపులా ముడి పడుతుంది. ఇంటి నుంచి బయల్దేరిన పిల్ల బడికి చేరలేదన్న సంగతి సాయంత్రం నాలుగింటికి కాక ఉదయం పదింటికే తెలుస్తుంది. చెరువు గట్టునో, మామిడితోపులోనో ఆగిపోయిన పిల్లవాడి విషయంలో ఆ ఆరు గంటల తేడా చాలా పెద్దది. ఈ మాట రాసిన టీచరు దాన్ని మొదటి వారమే పాటించి చూపించాలి. ఒకటి రెండు రోజులు ఫోన్ రాలేదంటే ఊరంతా ఆ వాక్యాన్ని మర్చిపోతుంది.

హాజరు సమయం చెప్పడానికి ఇంకో కారణమూ ఉంది. వంట చేసే అమ్మకు లెక్క వెళ్లేది ఆ హాజరును బట్టే. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు వంద గ్రాముల బియ్యం లెక్క. పది మంది ఆలస్యంగా వస్తే కిలో బియ్యం తేడా పడుతుంది. ఈ కారణాన్ని ఉత్తరంలో ఒక్క ముక్కలో చెబితే తొమ్మిదిన్నర అన్న గీత ఎందుకో ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. కారణం తెలిసిన నియమాన్ని జనం ఎక్కువ కాలం పాటిస్తారు.

ఇంటి పని గురించిన వాక్యం కూడా ఊరికే రాసింది కాదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా ఇంటి పని వద్దంటుంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదంటుంది. వారానికి ఆరు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలంటే సరిగ్గా అంతే. ఆ సంఖ్య కాగితం మీద ఉంటే, రాత్రి తొమ్మిదింటికి కూడా పిల్ల పలక వదలడం లేదంటే ఎక్కడో ఏదో తేడా ఉందని తల్లి గుర్తుపట్టగలదు. బహుశా పిల్లకు పాఠం అర్థం కాలేదు. ఆ సంగతి టీచరుకు తెలియాలి.

ఉత్తరం ఇంటికి చేరడం ఒకటి, చదవడం మరొకటి. తల్లికి చదువు రాకపోతే పిల్లే చదివి వినిపిస్తుందని అనుకుంటాం. 2024 అసర్ సర్వేలో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అంటే నలుగురిలో ముగ్గురు ఈ ఉత్తరాన్ని అవ్వకు చదివి చెప్పలేరు. అందుకే తెలివైన టీచర్లు మూడు జాగ్రత్తలు తీసుకుంటారు. వాక్యాలు పొట్టిగా, అక్షరాలు పెద్దగా రాస్తారు. ఇంటికి పంపే ముందు తరగతిలో రెండుసార్లు గట్టిగా చదివిస్తారు, అప్పుడు అక్షరం అందని పిల్లకైనా విషయం నోటికి వస్తుంది. అదే ఉత్తరాన్ని తమ గొంతుతో రెండు నిమిషాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతారు. కొత్త టీచరు గొంతు విన్నాక ఆమెకు ఫోన్ చేయడానికి జంకు తగ్గుతుంది. నా దృష్టిలో మూడిట్లో ఇదే మిన్న.

వాట్సాప్ అనగానే అందరికీ గ్రూపు గుర్తొస్తుంది. గ్రూపులో చేరిన ప్రతివాళ్ల నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ముప్పై ఇళ్లలోని ఆడవాళ్ల నంబర్లు పరాయివాళ్ల చేతిలో పడటం చాలా కుటుంబాలకు ఇష్టం ఉండదు, అది సబబే. దీనికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడవచ్చు. దాంట్లో టీచరు ఒక్కసారి పంపిన సందేశం ఎవరికి వారికి విడివిడిగా చేరుతుంది. కానీ దీనికి ఒక షరతుంది. ఎవరి ఫోన్‌లో టీచరు నంబరు సేవ్ అయి ఉందో వాళ్లకే ఆ సందేశం వెళుతుంది. ఈ సంగతి తెలియక "పంపాను కదా" అని టీచరూ, "రాలేదే" అని తల్లీ వాదించుకుంటారు. కాబట్టి నంబరు కింద "దీన్ని మీ ఫోన్‌లో మూడో తరగతి టీచర్ అని సేవ్ చేసుకోండి" అన్న మాట తప్పకుండా ఉండాలి.

నంబరు ఇచ్చాక సమయం ఇవ్వకపోతే టీచరుకే కష్టం. చాలా ప్రాథమిక పాఠశాలల్లో ల్యాండ్‌లైన్ ఉండదు, హెడ్‌మాస్టరు సెల్ నంబరే బడి నంబరు. సొంత నంబరు ఇవ్వడానికి వెనకాడే టీచరమ్మలు ఉన్నారు. రాత్రి పది తర్వాత వచ్చే ఫోన్లను దృష్టిలో పెట్టుకుంటే వాళ్ల భయం న్యాయమైనదే. అలాంటప్పుడు హెడ్‌మాస్టరు నంబరు మాత్రమే ఇచ్చి, మాట్లాడే వేళ రాసినా సరిపోతుంది. ఏ నంబరైనా ఎత్తే మనిషి ఎవరో, ఏ వేళకు ఎత్తుతారో ఇంటికి తెలియడం ముఖ్యం. టీచరు మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలో కూడా రాయాలి: ముందు హెడ్‌మాస్టరు, ఆ తర్వాత మండల విద్యాధికారి. పిల్లలకు ఎక్కడైనా ప్రమాదం, వేధింపు ఎదురైతే 1098. ఈ నంబరు కాగితం మీద ఉండటం తనను తాను అనుమానించుకోవడమని టీచరు అనుకోనక్కర్లేదు.

ఇక ఉత్తరం అడుగున చింపి ఇచ్చే చీటీ. టీచరు చెప్పేది పైన, ఇల్లు చెప్పేది కింద. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు, వాళ్ల నంబరు, అది దొరక్కపోతే పక్కింటివాళ్ల నంబరు, సాయంత్రం పిల్లను తీసుకెళ్లేది ఎవరు, మూర్ఛ, ఆయాసం లాంటివి ఉన్నాయా, పడని తిండి ఏమిటి. రాయలేని తల్లి బడికి వచ్చి చెబితే టీచరే రాసుకుంటుంది. అడ్మిషన్ రిజిస్టరులో నంబరు ఉంది కదా, మళ్లీ ఎందుకు అనుకోవచ్చు. రిజిస్టరులో ఉండేది ఎక్కువగా నాయన నంబరు. ఆ ఫోన్ ఆయనతోపాటు పనికి వెళ్లిపోతుంది. రీచార్జి చేయించని సిమ్‌కు కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. మొదటి వారంలో చీటీలోని ప్రతి నంబరుకూ ఒక రింగు ఇచ్చి చూస్తే ఏవి పలుకుతాయో, ఏవి పలకవో తేలిపోతుంది. పలకని వాటి ఎదురుగా ఎర్ర గుర్తు పెట్టి, ఆ పిల్లల ఇళ్లకు మాత్రం సాయంత్రం నడిచి వెళ్లవచ్చు.

ఈ ప్రాంతంలో ఉత్తరానికి ఇంకొక వాక్యం కావాలి. పడమటి కర్నూలు నుంచి చాలా కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళతాయి, పిల్లలూ వెంట వెళతారు. "ఊరు వదిలే ముందు ఒక్క మాట చెప్పండి" అని జూన్‌లోనే రాసి ఉంటే సంక్రాంతి నాటికి టీచరుకు రెండు దారులు ఉంటాయి. అవ్వా తాతల దగ్గర పిల్లను ఉంచగలిగితే, లేదా ఆ ఏడాది సీజనల్ హాస్టల్ తెరిస్తే, చదువు ఊళ్లోనే సాగుతుంది. తీసుకెళ్లక తప్పదంటే వెళ్లిన ఊళ్లో చేర్పించవచ్చు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో ఆ ఊరి ప్రభుత్వ బడి పిల్లను చేర్చుకోకుండా వెనక్కి పంపకూడదు. ఈ సంగతి తెలిసిన కూలి తల్లులు తక్కువ. అందుకే టీచరమ్మ ఆ వాక్యం కిందే "ఎక్కడికి వెళ్లినా అక్కడి బడికి తీసుకుపోండి, టీసీ కోసం ఆగొద్దు, వాళ్లు కాదంటే నాకు ఫోన్ చేయించండి" అని రాస్తుంది. సంక్రాంతి ముందు వారం చీటీలన్నీ మళ్లీ బయటికి తీసి, వెళ్లేవాళ్ల దగ్గర అక్కడి మేస్త్రీ నంబరు అడిగి అదే చీటీ వెనక రాసుకుంటుంది.